నష్టపోయిన ట్రేడ్‌ను ఇద్దరు కూర్చుని విప్పి చూడటం ఎలా?

ట్రేడ్‌లో డబ్బు పోయినప్పుడు మన నోటి నుంచి రెండు మాటల్లో ఏదో ఒకటి వస్తుంది. "నా టైం బాలేదు" అంటాం, లేకపోతే "బుద్ధి తక్కువ పని చేశాను" అంటాం. మొదటి మాట అన్నవాడు ఏమీ మార్చుకోడు. రెండో మాట అన్నవాడు మార్చుకోనక్కర్లేనివి కూడా మార్చేసుకుంటాడు. నిజానికి ఒకే నష్టంలో దురదృష్టమూ తప్పు నిర్ణయమూ కలిసే ఉంటాయి. వాటిని చేటలో పోసి చెరిగినట్టు వేరు చేసుకోవాలి. ఒక్కడే కూర్చుని ఈ పని చేసుకోవడం కష్టం, ఎదురుగా ఇంకో మనిషి ఉండాలి. ఆ ఇద్దరూ ఎలా కూర్చోవాలో, ఏం అడగాలో, లెక్క ఎలా వేయాలో నా సొంత ట్రేడ్ పెట్టి చెబుతాను. దాన్ని విప్పింది గుంటూరులో నాకు ట్రేడింగ్ నేర్పిన మాస్టారు. తేదీ 2024 జూన్ 8, శనివారం.

ముందు ట్రేడ్ ఏమిటో చెప్పాలి. 2024 జూన్ 1 సాయంత్రం లోక్‌సభ ఎన్నికల ఎగ్జిట్ పోల్స్ వచ్చాయి. చాలా సంస్థలు ఎన్డీయేకి 350 సీట్లు దాటతాయన్నాయి. మే 31న 22,530 దగ్గర ముగిసిన నిఫ్టీ జూన్ 3 సోమవారం ఒక్కసారిగా 800 పాయింట్లు పైన తెరుచుకుంది. ఆ మధ్యాహ్నం 23,200 దగ్గర నేను నిఫ్టీ ఫ్యూచర్స్ నాలుగు లాట్లు కొన్నాను. అప్పట్లో లాట్ అంటే 25, కాబట్టి మొత్తం 100. నిఫ్టీ ఒక్క పాయింట్ కదిలితే నాకు వంద రూపాయలు వచ్చినట్టు లేదా పోయినట్టు. ఖాతాలో ఆరు లక్షలున్నాయి. ఆ రోజు కనిష్ఠం 23,062 కాబట్టి దాని కింద, 23,000 దగ్గర స్టాప్‌లాస్, అంటే ధర అక్కడిదాకా పడితే దానంతటదే అమ్మేసే ఆర్డర్, అనుకున్నాను. ఫ్యూచర్స్ ధరకీ నిఫ్టీ అసలు అంకె అయిన స్పాట్ ధరకీ కాస్త తేడా ఉంటుంది కానీ, లెక్క తేలిగ్గా సాగడానికి ఇక్కడ అంతటా స్పాట్ అంకెలే వాడుతున్నాను.

మర్నాడు ఫలితాలొచ్చాయి. బీజేపీ 240 దగ్గర ఆగింది, ఎన్డీయే మొత్తం 293. నిఫ్టీ ఒక దశలో 21,281 దాకా పడి, 21,884 దగ్గర ముగిసింది. ఒక్క రోజులో దాదాపు ఆరు శాతం నష్టం. నేను మధ్యాహ్నం వేళ 21,500 దగ్గర అమ్మేశాను. 1,700 పాయింట్లు పడింది, అంటే లక్షా డెబ్బై వేల రూపాయలు పోయాయి.

కూర్చునే ముందు

నష్టం వచ్చిన రోజే ఈ పని పెట్టుకోకండి. మరీ ఆలస్యం చేసినా జ్ఞాపకం కథగా మారిపోతుంది. మూడు నాలుగు రోజుల తర్వాత వచ్చే సెలవు రోజు సరిపోతుంది.

కానీ కాగితాలు మాత్రం నష్టం వచ్చిన రోజే భద్రం చేయాలి. చాలామంది బ్రోకర్ పంపే కాంట్రాక్ట్ నోట్ ఉంటే చాలనుకుంటారు. అందులో జరిగిన కొనుగోలు, అమ్మకం, వాటి ధర, సమయం ఉంటాయి. జరగని ఆర్డర్లు ఉండవు. మీరు పెట్టి జరిపిన స్టాప్‌లాస్, రద్దు చేసిన స్టాప్‌లాస్ అందులో కనబడవు. అవి ఆ రోజు ఆర్డర్ బుక్‌లోనే ఉంటాయి. చాలా బ్రోకర్ యాప్‌లలో ఆ ఆర్డర్ బుక్ మర్నాటికి ఖాళీ అయిపోతుంది. కాబట్టి మార్కెట్ ముగిశాక, ఎంత బాధలో ఉన్నా సరే, ఆర్డర్ బుక్‌ను, ఒక్కో ఆర్డర్‌లో జరిగిన మార్పుల వివరాలను ఫొటో తీసి పెట్టుకోండి. ట్రేడ్‌లో నిర్ణయాలన్నీ అక్కడే ఉంటాయి. కాంట్రాక్ట్ నోట్‌లో ఉండేది ఫలితమే.

నా విషయంలో దీని విలువ వెంటనే తెలిసింది. మాస్టారు "స్టాప్‌లాస్ ఎన్నిసార్లు జరిపావు?" అని అడిగారు. "ఒక్కసారే సార్" అన్నాను. అబద్ధం చెప్పాలని కాదు, నాకు అలాగే గుర్తుంది. ఆర్డర్ బుక్ ఫొటో తెరిచి చూస్తే 23,000 నుంచి 22,800కి, అక్కడి నుంచి 22,500కి జరిపాను. ఆ తర్వాత ఆర్డర్ మొత్తం రద్దు చేశాను. మూడుసార్లు చేయి వేశాను, గుర్తున్నది ఒక్కసారే. మాస్టారు ఏమీ అనలేదు. ఆ మూడు సమయాలను ఒక కాగితం మీద రాసుకుని పక్కన పెట్టారు.

చార్ట్ కుడివైపు మూసేయండి

ఇద్దరూ కూర్చోగానే మొదట చేయాల్సిన పని, ట్రేడ్‌లోకి దిగిన క్షణం తర్వాత చార్ట్‌లో ఏముందో కనబడకుండా చేయడం. కంప్యూటర్‌లో అయితే చార్ట్‌ను ఆ నిమిషం దగ్గర ఆపేయండి. ఫోన్‌లో అయితే కుడివైపున కాగితం అడ్డం పెట్టండి. ఇద్దరికీ ఫలితం తెలుసన్నది నిజమే. అయినా కంటికి ఆ పడిపోయిన గీత కనిపిస్తూ ఉంటే ప్రతి జవాబూ అటే వాలిపోతుంది.

ఆ తర్వాత లాభనష్టాల ఊసు లేకుండా, అప్పటి సమయంలోనే ఉండి మాట్లాడాలి. మా మధ్య ఇలా సాగింది.

"ఇప్పుడు జూన్ 3, మధ్యాహ్నం రెండున్నర. నీకు తెలిసినవన్నీ చెప్పు."

"ఎగ్జిట్ పోల్స్ బాగున్నాయి. మార్కెట్ రికార్డు స్థాయిలో ఉంది. విదేశీ సంస్థలు కొంటున్నాయని టీవీలో చెప్పారు. రేపు నిజం ఫలితాలొస్తే ఇంకా పెరుగుతుంది."

"పెరిగితే ఎందాకా?"

"23,800 దాకా అనుకున్నాను."

"పడితే?"

"23,000 దగ్గర బయటికొచ్చేస్తాను కదండీ."

"నేనడిగింది నువ్వెక్కడ బయటికొస్తావని కాదు. మార్కెట్ ఎందాకా పడొచ్చనుకున్నావు?"

నా దగ్గర జవాబు లేదు. పైకి వెళ్తే ఎంతో రాసుకున్నాను, కిందికి వస్తే ఎంతో అసలు ఆలోచించలేదు. నా స్టాప్‌లాస్‌నే మార్కెట్ అడుగు అనుకున్నాను. మీరు ఎవరి ట్రేడ్ చూస్తున్నా ఈ ప్రశ్న తప్పకుండా అడగండి. చాలా తప్పు నిర్ణయాలు ఈ ఒక్క చోటే బయటపడతాయి. స్టాప్‌లాస్ మనం గీసుకున్న గీత. మార్కెట్‌కి ఆ గీత తెలియదు.

ఇక్కడ నేర్పేవాళ్లు పాటించాల్సిన జాగ్రత్త ఒకటుంది. ఫలితం తెలిశాక "నేను ముందే అనుకున్నాను" అనడం ఎవరికైనా తేలికే. మాస్టారు తన నోట్‌బుక్ తీసి జూన్ 2న రాసుకున్న పేజీ నాకు చూపించారు. "ఎగ్జిట్ పోల్స్ సీట్ల సంఖ్యలో కాస్త అటూ ఇటూ ఉన్నా దిశ సరిగ్గానే ఉంటుంది" అని ఉంది. ఆయన అంచనా కూడా నాలాగే తప్పింది. ఆయన చేతిలో పొజిషన్ లేదు, అంతే తేడా. నేర్పేవాళ్ల దగ్గర అలాంటి పాత కాగితం లేకపోతే, దిశ గురించి వాళ్లు శిష్యుణ్ణి నిలదీయకపోవడమే మంచిది.

తెలిసినవి వేరు, తెలుసుకోగలిగినవి వేరు

"ఎవరూ ఊహించలేదు సార్, పెద్ద పెద్దవాళ్లే తప్పారు" అన్నాను. నష్టపోయిన ప్రతివాళ్లూ అనే మాటే ఇది. దీన్ని కొట్టిపారేయకూడదు, అలాగని యథాతథంగా ఒప్పుకోకూడదు. రెండు ముక్కలు చేయాలి. ఏ దిశలో పోతుందో ఊహించగలమా అన్నది ఒక ముక్క. ఎంత దూరం పోవచ్చో ఊహించగలమా అన్నది రెండోది.

దిశ సంగతి ఎవరికీ తెలియదు. ఎగ్జిట్ పోల్స్ అన్నీ ఒకే వైపు చూపిస్తున్నప్పుడు అటు మొగ్గడం తప్పు నిర్ణయం అనలేం. అది తప్పిపోవడం దురదృష్టమే. మాస్టారు కాగితం మీద మొదటి వరుసలోనే "దిశ: దురదృష్టం" అని రాసేశారు.

దూరం సంగతి అలా కాదు. "ఇంతకుముందు ఎన్నికల ఫలితాలొచ్చినప్పుడు మార్కెట్ ఎంత కదిలిందో జూన్ 3న నువ్వు చూడగలిగేవాడివా?" అని అడిగారు. చూడగలిగేవాణ్ణే. పది నిమిషాల పని. ఇద్దరం అప్పుడు చూశాం. 2004లో ఫలితాలు వచ్చాక మే 17న నిఫ్టీ ఒక్క రోజులో దాదాపు 12 శాతం పడింది. 2009లో శనివారం ఫలితాలొచ్చి, సోమవారం మే 18న 17 శాతం పైగా పెరిగి, ట్రేడింగ్ ఆగిపోయింది. 2014లో ముగింపుకి పెరిగింది ఒక శాతం చిల్లర. 2019లో ఒక శాతం లోపే పడింది.

"నాలుగుసార్లలో రెండుసార్లు పది శాతం దాటింది. నాలుగు సంఖ్యలతో సంభావ్యత లెక్కలు వేయలేం, వేయకూడదు కూడా. కానీ ఆరు శాతం పడటం ఎవరూ ఊహించలేనిది అనగలవా?"

అనలేకపోయాను. నేను పెట్టుకున్న 200 పాయింట్ల స్టాప్ అంటే ఒక శాతం కూడా కాదు.

మీరు ఈ మెట్టు దగ్గర ఒక కాగితం మీద అడ్డంగా గీత గీయండి. గీతకి పైన ఆ క్షణంలో చేతిలో ఉన్న సమాచారం రాయండి. గీతకి కింద, చేతిలో లేకపోయినా పది పదిహేను నిమిషాల్లో దొరికేది రాయండి. ఈ రెండింటిలోనూ పట్టనిదే దురదృష్టం లెక్కలోకి వస్తుంది. ఈ పదిహేను నిమిషాల హద్దు ముఖ్యం. హద్దు లేకపోతే నేర్పేవాళ్లు "ఫలానా నియోజకవర్గంలో గాలి మారిందని నీకు తెలియొద్దా" అనేదాకా పోతారు. మామూలు మనిషి మామూలు మధ్యాహ్నం చూడగలిగినదాన్నే లెక్కలోకి తీసుకోవాలి.

నష్టాన్ని రూపాయల్లో పంచండి

ఈ మొత్తం పద్ధతిలో ఎక్కువ సమయం ఇక్కడే పెట్టండి. "కొంత దురదృష్టం, కొంత నా తప్పు" అని మాటల్లో ఒప్పుకుంటే ఏమీ తేలదు. ఒక్కొక్క కారణానికి ఎన్ని రూపాయలు పోయాయో రాయాలి. రాయడానికి ఒక వరుస ఉంది. మీ సొంత నియమాల ప్రకారం అన్నీ సరిగ్గా చేసి ఉంటే ఎంత పోయేదో ముందు లెక్కపెట్టండి. ఆ పైన ఒక్కో పక్కదారి ఎంత కలిపిందో చూడండి.

నా నియమం, నా డైరీ మొదటి పేజీలో నేనే రాసుకున్నది, ఒక ట్రేడ్‌లో ఖాతాలో ఒక శాతానికి మించి పోకూడదని. ఆరు లక్షల్లో ఒక శాతం ఆరు వేలు. స్టాప్ 200 పాయింట్ల దూరంలో ఉంటే ఒక లాట్‌కి పోయేది 200 × 25, అంటే ఐదు వేలు. కాబట్టి నాకు ఒక్క లాటే సరిపోతుంది. అన్నీ నియమం ప్రకారం చేసినా పోయే డబ్బు 5,000 రూపాయలు.

తర్వాత జారుడు. జూన్ 4న మార్కెట్ వేగంగా పడుతోంది కాబట్టి 23,000 దగ్గర పెట్టిన ఆర్డర్ సరిగ్గా 23,000కే అమ్ముడుపోదు. దీన్ని లెక్కపెట్టడానికి మాస్టారి పద్ధతి, ఒక నిమిషం చార్ట్‌లో స్టాప్ తగిలిన నిమిషం చూసి, అందులో దొరికే చెడ్డ ధర దగ్గర అమ్ముడైందనుకోవడం. మా లెక్కకి 40 పాయింట్లు వేసుకున్నాం. ఒక లాట్‌కి 1,000 రూపాయలు. వేగంగా పడే రోజున ఆ మాత్రం ఎవరికైనా తగులుతుంది, అది నా తప్పు కాదు.

తర్వాత పరిమాణం. ఒక లాట్ కొనాల్సిన చోట నాలుగు కొన్నాను. ఆ అదనపు మూడు లాట్ల మీద, స్టాప్ సరిగ్గా పనిచేసి ఉన్నా, 240 × 75, అంటే 18,000 రూపాయలు పోయేవి. ఇది కొనే క్షణంలో చేసిన తప్పు.

చివరిది స్టాప్ జరపడం. 22,960 దగ్గర బయటపడాల్సినవాణ్ణి 21,500 దగ్గర బయటపడ్డాను. 1,460 పాయింట్లు, వంద చొప్పున 1,46,000 రూపాయలు.

కూడితే 5,000, 1,000, 18,000, 1,46,000. మొత్తం 1,70,000. పైసాతో సహా సరిపోవాలని కాదు కానీ, కూడిక తప్పితే ఏదో కారణం రాయడం మరిచారని అర్థం. సరిపోయేదాకా వదలకండి.

ఆ నాలుగు అంకెలు చూశాక గదిలో మాట ఆగిపోయింది. ఎగ్జిట్ పోల్స్ ముంచాయని నాలుగు రోజులుగా అందరికీ చెప్పుకుంటూ తిరిగాను. అవి ముంచింది ఆరు వేల రూపాయలు. మిగతా లక్షా అరవై నాలుగు వేలు నా రెండు చేతులతో పోగొట్టుకున్నవి.

అప్పుడు నేను ఇంకో కొసకి వెళ్లిపోయాను. "మొత్తం నాదే తప్పు సార్, ఇంకెప్పుడూ రికార్డు స్థాయిల దగ్గర కొనను" అన్నాను. మాస్టారు గట్టిగా ఆపారు. "రికార్డు స్థాయి దగ్గర కొనడం వల్ల ఎన్ని రూపాయలు పోయాయో ఆ కాగితంలో చూపించు" అన్నారు. అలాంటి వరుస లేదు. తప్పు చేశానన్న బాధలో ఉన్నవాళ్లు తప్పులేని నియమాన్ని కూడా తీసి బయట పారేస్తారు. లెక్కలో వరుస లేని దాన్ని మార్చకూడదు. ఎదురుగా కూర్చున్న మనిషి ఈ పనికి కూడా కావాలి.

స్టాప్ జరిపిన నిమిషం దగ్గర ఆగండి

పెద్ద అంకె ఎక్కడుంటే సంభాషణ అక్కడికి వెళ్లాలి. మాస్టారు రాసి పెట్టుకున్న మూడు సమయాలు అప్పుడు బయటికి తీశారు. ఒక్కొక్కదానికీ ఒకే ప్రశ్న వేశారు: "ఈ నిమిషంలో నీకు కొత్తగా తెలిసిందేమిటి?"

మొదటిసారి జరిపినప్పుడు, ఇవి పోస్టల్ బ్యాలెట్ ఆధిక్యాలే, మారతాయి అనుకున్నాను. రెండోసారి, ఇంత పడ్డాక కాస్తయినా లేస్తుందనుకున్నాను. మూడోసారి కారణమే లేదు. ఇంట్లో అందరూ టీవీ ముందు ఆంధ్ర అసెంబ్లీ ఫలితాలు చూస్తున్నారు. తెలుగుదేశం నూట ముప్పై దాటుతోందని కేకలు. నేను ఫోన్ చూడటానికి భయపడి ఆర్డర్ రద్దు చేసి బోర్లా పెట్టాను.

"మొదటిదానికి కారణం ఉంది. బలహీనమైనదే అయినా సమాచారం గురించి. రెండోది ఆశ. మూడోది తప్పించుకోవడం" అన్నారు మాస్టారు. మీరూ ఇలాగే విడదీయండి. ఆర్డర్ మార్చడానికి కొత్త సమాచారం కారణమైతే ఆ మార్పును నిర్ణయంగా చూసి మంచిచెడ్డలు చర్చించవచ్చు. ధర దగ్గరికి వచ్చిందన్నదే కారణమైతే చర్చించడానికేమీ లేదు, అది నియమం తప్పడమే. తేడా కనిపెట్టడానికి ఒక గుర్తుంది. నిఫ్టీ ఆ క్షణంలో స్టాప్‌కి 300 పాయింట్లు పైన ఉండి, అదే వార్త వచ్చి ఉంటే స్టాప్ జరిపేవారా? జరపరంటే ఆ వార్త సాకు మాత్రమే.

నాలుగు రోజులు ఆగి ఉంటే?

మేం కూర్చున్నది జూన్ 8న. ముందు రోజు జూన్ 7న నిఫ్టీ 23,290 దగ్గర ముగిసింది. నేను కొన్న ధర కంటే తొంభై పాయింట్లు పైన. "అమ్మకుండా ఉంటే తొమ్మిది వేలు లాభం సార్. అమ్మడమే అసలు తప్పేమో" అన్నాను. నిజం చెప్పాలంటే ఆ రోజు నేను మాస్టారి ఇంటికి వెళ్లింది ఈ మాట చెప్పడానికే.

నష్టపోయిన ట్రేడ్ నుంచి పుట్టే పాఠాల్లో దీనికంటే ప్రమాదకరమైంది నాకు తెలియదు. ఎందుకంటే అంకె నిజమే. దీన్ని కాదనడానికి మాస్టారు తిరిగి గీత దగ్గరికే తీసుకెళ్లారు. జూన్ 4 మధ్యాహ్నం, 21,500 దగ్గర, నాలుగు రోజుల్లో లేస్తుందని చెప్పే సమాచారం గీతకి పైన కానీ కింద కానీ ఉందా? లేదు. 2004లో పడినప్పుడు పాత స్థాయికి రావడానికి నెలలు పట్టింది. ఆ నెలలన్నీ ఫ్యూచర్స్ పొజిషన్ మోయడమంటే పడ్డ ప్రతి పాయింట్‌కీ రోజూ ఖాతాలోంచి డబ్బు కట్టడం. పూచీగా ఉంచాల్సిన మార్జిన్ చాలకపోతే మనల్ని అడగకుండానే బ్రోకర్ అమ్మేస్తాడు. ఆ తొమ్మిది వేలు ఒకవేళ వచ్చి ఉంటే, అది పూర్తిగా అదృష్టం వరుసలో రాయాల్సిన డబ్బు.

ఈ ప్రశ్న మీ శిష్యుడు అడగకపోయినా మీరు అడిగించండి. లోపల ఉంటుంది, అడగడు.

గెలిచి ఉంటే ఏం రాసేవాళ్లం?

తర్వాత మాస్టారు కథను తిరగేశారు. "ఎన్డీయేకి 350 వచ్చింది. నిఫ్టీ 23,800. నీకు అరవై వేల లాభం. ఇవాళ నువ్వు మా ఇంటికి వచ్చేవాడివా?"

రాను.

"వచ్చావనుకో. నాలుగు లాట్లు కొన్నందుకు నేను నిన్ను ఏమనాలి?"

ఈ ప్రశ్నకి వచ్చే జవాబే నిర్ణయం నాణ్యతను చెబుతుంది. నష్టం వచ్చినప్పుడు తప్పనిపించిన ప్రతి పనినీ లాభం వచ్చిన కథలో పెట్టి చూడండి. అక్కడ కూడా తప్పుగానే కనిపిస్తే అది తప్పు నిర్ణయం. లాభం వచ్చిన కథలో అదే పని తెలివిగా కనిపిస్తే మీరు ఫలితాన్ని చూసి మార్కులు వేస్తున్నట్టు. నాలుగు లాట్లు రెండు కథల్లోనూ తప్పే. ఎగ్జిట్ పోల్స్ వైపు మొగ్గడం రెండు కథల్లోనూ తప్పు కాదు.

నష్టంలో దాక్కున్న అదృష్టం

ఇది నేను ఎక్కడా వినని మాట, అందుకే కాస్త ఎక్కువ చెబుతాను. కాగితం అంతా అయిపోయిందనుకున్నాక మాస్టారు, "ఈ ట్రేడ్‌లో నీకు అదృష్టం ఎక్కడ కలిసొచ్చింది?" అని అడిగారు. లక్షా డెబ్బై వేలు పోగొట్టుకున్నవాణ్ణి పట్టుకుని అడిగిన ప్రశ్న అది.

చార్ట్ మీద కాగితం తీసి జూన్ 4 మొదటి నిమిషం చూపించారు. నిఫ్టీ ఆ రోజు తెరుచుకున్నది 23,179 దగ్గర. నేను కొన్న ధరకి ఇరవై పాయింట్లే కింద. నా స్టాప్‌కి దాదాపు 180 పాయింట్లు పైన. అంటే మార్కెట్ నాకు తలుపు తెరిచి పెట్టింది. ఓట్ల లెక్కింపు ఎనిమిదింటికి మొదలై, మార్కెట్ 9:15కి తెరుచుకునేసరికి పరిస్థితి ఇంకా అస్పష్టంగా ఉండబట్టి అలా జరిగింది. 2009లోలా ఫలితాలు తేలాక, సెలవుల మీదుగా మార్కెట్ తెరుచుకుని ఉంటే? 22,000 దగ్గర తెరుచుకుంటే 23,000 దగ్గరి స్టాప్‌లాస్ 22,000కే అమ్ముతుంది. మధ్యలో ధరే లేదు కాబట్టి మధ్యలో అమ్మడం కుదరదు.

"అప్పుడు నువ్వు స్టాప్ జరపకపోయినా, ఒక్క తప్పూ చేయకుండా ఒక్క లాటే కొని ఉన్నా, పాతికకి 1,200 పాయింట్లు పోయేవి. ముప్పై వేలు. కాబట్టి ఆ మొదటి వరుసలో మనం రాసిన ఐదు వేలు కూడా సరైన లెక్క కాదు."

అసలు తప్పు అప్పుడు కనబడింది. 200 పాయింట్ల స్టాప్ ఆధారంగా లాట్లు లెక్కపెట్టడం మామూలు రోజులకి సరిపోతుంది. రాత్రి మీదుగా పెద్ద ఫలితం కోసం పొజిషన్ మోస్తున్నప్పుడు లెక్కపెట్టాల్సింది స్టాప్ దూరం కాదు, మార్కెట్ ఒక్కసారిగా దూకగల దూరం. ఆరు శాతం దూకుతుందనుకుంటే 23,200 మీద 1,392 పాయింట్లు. ఒక్క లాట్‌కే 34,800 రూపాయలు. నా ఒక శాతం నియమానికి దాదాపు ఆరు రెట్లు. అంటే నా ఖాతాకి ఆ రాత్రి ఒక్క లాట్ ఫ్యూచర్స్ కూడా ఎక్కువే. ఆ అభిప్రాయం మీద ట్రేడ్ చేయాలంటే నష్టం ముందే తెలిసిపోయే మార్గం వెతకాలి. నిఫ్టీ పెరిగితే లాభమిచ్చే కాల్ ఆప్షన్ ఒకటి కొని, దానికి పై ధర దగ్గరున్న కాల్ అమ్మితే పోయేది కట్టిన ప్రీమియం వరకే. లేకపోతే ఆ రాత్రి ఊరుకోవాలి.

దీని తర్వాత మాస్టారు మొదటి వరుస పక్కన "మామూలు రోజు లెక్క, ఈ రోజుకి చెల్లదు" అని రాశారు. ప్రతి నష్టానికీ ఈ ప్రశ్న వేయండి. నష్టం ఇంకా పెద్దది కాకుండా ఆపింది ఏమిటి? నేను చేసిన పనా, మార్కెట్ దయా? దయ అయితే దాన్ని కూడా వరుసగా రాయాలి. లేకపోతే తదుపరిసారి అదే తలుపు తెరిచి ఉంటుందనుకుంటాం.

పేజీ చివర ఏం రాయాలి

ఒకటి, మహా అయితే రెండు మార్పులు. అవి కూడా చేయగలిగిన పనులుగా ఉండాలి. "భావోద్వేగాలు అదుపులో పెట్టుకోవాలి" అని రాస్తే అది పాటించామో లేదో తెలిసే దారి లేదు. నేను రాసినవి ఇవి. తేదీ ముందే తెలిసిన పెద్ద ఫలితం ఉంటే, దాని ముందు రాత్రికి ఫ్యూచర్స్ ఉంచను. స్టాప్‌లాస్‌ను మార్కెట్ నడుస్తున్నప్పుడు దూరంగా జరపను, దగ్గరికి మాత్రమే జరపవచ్చు. రెండోది పాటించానో లేదో ఆర్డర్ బుక్ ఫొటో చెప్పేస్తుంది.

ఈ పద్ధతికి ఒక హద్దుంది. ఒక్క ట్రేడ్ విప్పితే ఆ ట్రేడ్‌లో ఏం జరిగిందో తెలుస్తుంది, మీ పద్ధతి మొత్తంగా లాభసాటిదో కాదో తెలియదు. వందకి నలభై ఐదు గెలిచే మంచి పద్ధతిలో కూడా వరసగా ఐదు నష్టాలు రావడం మామూలే. ఏ తప్పూ లేకుండా "దురదృష్టం" వరుసలోనే పోయిన డబ్బును నెలల తరబడి విడిగా కూడుతూ రండి. కొన్ని పదుల ట్రేడ్ల తర్వాత కూడా ఆ వరుస ఒక్కటే మీ లాభాలను మింగేస్తుంటే, అప్పుడు ప్రశ్న పద్ధతి మీదకి వెళ్తుంది. అంతకుముందు వెళ్లకూడదు.

2025 ఫిబ్రవరి 1 కేంద్ర బడ్జెట్ శనివారం వచ్చింది, ఆ రోజు మార్కెట్ పనిచేసింది. ముందు రోజు నేను ఒక కాల్ కొని, పైది అమ్మాను. మొత్తం కట్టింది 4,500 రూపాయలు. నిఫ్టీ ఆ రోజు దాదాపు కదలకుండానే ముగిసింది, నాకు 3,900 పోయాయి. మర్నాడు మాస్టారితో ఫోన్‌లోనే లెక్క చూశాం. పది నిమిషాలు పట్టింది. నాలుగు వరుసల్లో మొదటిదాంట్లో 3,900, మిగతా మూడింటిలో సున్నాలు రాసి, తేదీ వేసి మూసేశాను.